తాళాల కన్నా ముందు మీటరు

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గొడవ ఎక్కువగా గోడల దగ్గర మొదలై కరెంటు బిల్లు దగ్గర ముదురుతుంది. కూకట్‌పల్లిలో ఒక రెండు పడగ్గదుల ఫ్లాటు అనుకుందాం. అడ్వాన్సు 40,000 రూపాయలు.

సామాను లారీ ఎక్కాకే, పగటి వెలుతురులో ఇల్లు చూడాలి. బీరువా వెనుక చెమ్మ, మంచం చాటున గీతలు అప్పుడే బయటపడతాయి. ఓనరు, అద్దెదారు కలిసి ప్రతి కుళాయీ తిప్పి, ప్రతి స్విచ్చూ వేసి, గీజరు నీళ్లు వేడెక్కేదాకా ఆగాలి. ఏళ్ల వాడకంతో వెలిసిన రంగు అద్దెదారు తప్పు కాదు. విరిగిన కుళాయి మాత్రం ఆయన లెక్కలోకే వస్తుంది. దాని ఖరీదు 640 రూపాయలు.

ఇక మీటరు. గత బిల్లులో రీడింగు 14,260. ఖాళీ చేసిన రోజు 14,352. వాడిన 92 యూనిట్లకు ఇద్దరూ ఒప్పుకున్న లెక్క 460 రూపాయలు. దీన్ని వచ్చే బిల్లుకు వదిలేస్తే చిక్కే: అదే నెలలో కొత్తవాళ్లు దిగితే మొత్తం యూనిట్లు పెరిగి పై శ్లాబులోకి పోవచ్చు, ఎవరి వాటా ఎంతో తేలదు. అందుకే మీటరు ఫొటో, తేదీతో సహా, ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

గదివారీగా స్థితి, రీడింగు, కోతలు, అప్పగించిన తాళంచెవుల సంఖ్య ఒకే కాగితంపై రాసి, రెండు ప్రతుల మీదా ఇద్దరూ సంతకాలు చేస్తారు. మిగిలిన 38,900 రూపాయలు ఖాతాలో పడ్డాక తాళంచెవులు చేతులు మారతాయి.