ప్లేటు వంచితే తెలిసే టైటర్

కొక్కెర తెగులుకు టీకా వేయించిన కోళ్ల రైతు, మందలో కొన్ని కోళ్ల రక్తం తీయించి ల్యాబుకు పంపితే జవాబుగా ఒక అంకె వస్తుంది. టైటర్ 128 అనో, 16 అనో. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటును చేత్తో వంచి, ఎర్రరక్తకణాలు ఎలా జారుతున్నాయో చూసి చెప్పే అంకె అది.

కొక్కెర తెగులు వైరస్‌కు ఎర్రరక్తకణాలను పట్టుకునే గుణం ఉంది. ఫ్లూ వైరస్‌లో ఇదే గుణాన్ని 1941లో జార్జ్ హర్స్ట్ గమనించాడు. ఒక్కో వైరస్ రేణువు రెండు మూడు కణాలను పట్టుకుంటే అన్నీ కలిసి వలలా అల్లుకుంటాయి. ఆ వల గుంట అంతటా పలచని ఎర్ర పొరగా పరుచుకుంటుంది. దీన్నే హిమాగ్లుటినేషన్ అంటారు. వైరస్ లేకపోతే కణాలు విడివిడిగా జారి, అడుగున మొనలో చిన్న ఎర్ర బటన్‌లా చేరతాయి.

ముందుగా వైరస్ ఎంత ఉందో కొలవాలి. వైరస్‌ను గుంట గుంటకూ సగం చొప్పున పలచన చేస్తూ పోయి, ఒక శాతం కోడి ఎర్రరక్తకణాలు కలిపి, గది వేడిలో సుమారు 40 నిమిషాలు ఉంచుతారు. మొదటి గుంటలో 2 రెట్లు, ఎనిమిదో దానిలో 256 రెట్లు పలచన. పూర్తి పొర కనిపించిన చివరి గుంట ఎనిమిదోదైతే, ఆ పలచనలో ఉన్నది ఒక యూనిట్ వైరస్. అసలు పరీక్షకు 4 యూనిట్లు కావాలి కనుక, వైరస్‌ను 64 రెట్లు పలచన చేసి వాడతారు.

ఇప్పుడు కోడి సీరం వంతు. దాన్నీ అలాగే పలచన చేసి, ప్రతి గుంటలో 4 యూనిట్ల వైరస్ పోసి అరగంట ఆగుతారు. సీరంలో యాంటీబాడీలుంటే వైరస్‌ను కప్పేస్తాయి. తర్వాత వేసిన ఎర్రరక్తకణాలను పట్టుకోవడానికి దానికి వీలుండదు. కాబట్టి మొదటి పరీక్షలో వైరస్ లేదని చెప్పిన బటన్, ఇక్కడ యాంటీబాడీలు ఉన్నాయని చెబుతుంది. ఏడో గుంట వరకు బటన్లు, ఎనిమిదోదానిలో పొర ఉంటే టైటర్ 128.

అయితే పైనుంచి చూసి రాసేస్తే మోసపోతాం. ఆలస్యం చేస్తే వైరస్ తానే కణాలను వదిలేస్తుంది, పొర చెదిరి అడుగున చేరి బటన్‌లాగే కనిపిస్తుంది. అందుకే సమయం దాటకుండా ప్లేటును వంచి చూడాలి. నిజమైన బటన్ కన్నీటి చుక్కలా కిందికి సాగుతుంది. వైరస్ లేని కంట్రోల్ గుంటలో కణాలు ఎంత వేగంగా సాగుతాయో, అంతే వేగంగా సాగాలి. సగం సగం కదిలే గుంటను నేనైతే లెక్కలోకి తీసుకోను.

4 యూనిట్లు నిజంగా నాలుగేనా అన్నదీ అదే ప్లేటులో సరిచూస్తారు. ఆ వైరస్‌ను సగం చొప్పున పలచన చేస్తే 2, 1 యూనిట్ల గుంటల్లో పొర రావాలి, అర యూనిట్ దగ్గర ఆగాలి. మరో గుంట దాకా పొర సాగితే వైరస్ 8 యూనిట్లు పడిందన్నమాట. అప్పుడు కోళ్లకున్న రక్షణ ఉన్నదాంట్లో సగమే కనిపిస్తుంది.

ఆ యాంటీబాడీలు టీకా వల్ల వచ్చాయో, షెడ్డులో దూరిన వైరస్ వల్ల వచ్చాయో ఒక్క టైటర్ చెప్పలేదు. తెగులు అనుమానం ఉంటే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం తీసి, పాత సీరంతో పాటు ఒకే ప్లేటులో పరీక్షిస్తారు. ఒక గుంట తేడా చేతివాటంలోనూ రావచ్చు. మధ్యలో టీకా వేయకుండానే రెండు గుంటలు, అంటే 4 రెట్లు పెరిగితే, వైరస్ మందను తాకిందనే అనుకోవాలి.