చీకట్లో పడ్డ అమ్మ ముఖం

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దు పొడిచే వేళ అమ్మను సముద్రం వైపు వీపు పెట్టి నిలబెట్టి ఫొటో తీశాను. వెనక సూర్యుడు చక్కగా వచ్చాడు. అమ్మ మాత్రం నల్లకాగితంతో కత్తిరించిన బొమ్మలా మిగిలింది. ఫోను మొత్తం దృశ్యంలోని వెలుగును చూసి లెక్క కడుతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం మెరిసే ఆకాశమే కాబట్టి, అది తెల్లబోకుండా వెలుగును తగ్గించేసింది. ఆ తగ్గింపు ముఖానికీ పడింది.

ఇలాంటి ఫొటోను బాగుచేసే ముందు, ఆ నలుపులో అసలు ముఖం ఉందో లేదో చూడాలి. నేను Snapseed తెరిచి, Tune Image లో Shadows ను చివరిదాకా, +100కి జరిపాను. కళ్లజోడు ఫ్రేము, బొట్టు, ముక్కు అంచు బయటపడ్డాయి. అంటే సమాచారం దాగి ఉంది. ఎంత జరిపినా బూడిదరంగు మచ్చే కనిపిస్తే, అక్కడ తేవడానికి ఏమీ లేనట్టే. ఆ ఫొటోను నీడబొమ్మగానే ఉంచుకోవడం మేలు.

పరీక్ష అయ్యాక Shadows ను +45కి తగ్గించాను. Brightness జోలికి పోలేదు. అది ముఖంతో పాటు ఆకాశాన్నీ లేపుతుంది, సూర్యుడి చుట్టూ ఉన్న నారింజరంగు తెల్లగా పాలిపోతుంది.

మిగతా పని Selective చేసింది. చెంప మీద వేలితో తాకితే ఒక చుక్క పడుతుంది. రెండు వేళ్లు దగ్గరికి తెస్తే దాని పరిధి తగ్గుతుంది. మార్పు ఎక్కడెక్కడ పడుతుందో ఎర్రగా చూపిస్తుంది. ఆ ఎరుపు జుట్టు దాటి ఆకాశంలోకి పోకూడదు. మొదటిసారి నేను పరిధి పెద్దగా ఉంచడంతో తల చుట్టూ దేవుడి పటంలోలా వెలుగు వలయం వచ్చింది. చిన్నగా చేసి, చెంపకొకటి, నుదుటికొకటి చుక్కలు పెట్టి, కుడివైపు జరిపి +30 దాకా వెలుగు పెంచాను.

అప్పుడు చెంపల మీద ఎరుపు, ఆకుపచ్చ రవ్వలు తేలాయి. నీడలో పడిన వెలుగే తక్కువ. దాన్ని పెంచితే దాంతో కలిసిన రొద కూడా పెరుగుతుంది. Selective లోనే వేలు పైకీ కిందికీ జరిపి Structure ఎంచుకుని -20 చేస్తే చర్మం కాస్త నునుపైంది. అంతకుముందు చెల్లి వాట్సాప్‌లో పంపిన కాపీ మీద ఇదే చేస్తే చెంపంతా గళ్లుగళ్లుగా పగిలింది. ఫైలు సైజు తగ్గించేటప్పుడు ముందుగా పోయేది ఇలాంటి నీడల్లోని సన్నని వివరాలే. అందుకే ఫోనులోని అసలు ఫొటోతో మళ్లీ మొదలుపెట్టాను.

ఇంకా పెంచవచ్చు గానీ, ముఖం వెనకున్న ఆకాశమంత వెలిగితే అతికించినట్టుంటుంది. అమ్మ ఎడమ చెంప కొంచెం నీడలోనే ఉంది. చెవి అంచున పడ్డ బంగారురంగు గీత ఇప్పుడు ముఖానికి చెందినట్టుంది.