ఒకే కంపెనీ, ఒకే తేదీ, రెండు విలువలు

2022లో బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లు. పెట్టుబడిదారులు ఆ ధరకే డబ్బు పెట్టారు కాబట్టి ఆ అంకె అందరి నోటా నలిగింది. 2023 మార్చి 31 నాటికి అదే కంపెనీని బ్లాక్‌రాక్ దాదాపు 840 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. సుమారు 9.6 శాతం వాటా ఉన్న ప్రోసస్ మాత్రం తన వాటాకు చూపిన విలువను బట్టి చూస్తే, కంపెనీ మొత్తం 510 కోట్ల డాలర్లకు మించలేదు. ఇద్దరి చేతుల్లో ఉన్న షేర్లు వేర్వేరు తరగతులవైతే కొంత తేడా సహజమే. కానీ 330 కోట్ల డాలర్ల తేడా మొత్తాన్నీ దాని మీదకు నెట్టేయడం కష్టం.

ఇద్దరూ లెక్క తప్పారని చెప్పలేం. తాము పెట్టుబడి పెట్టిన ఆస్తిని ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో అదే చూపాలన్నది ఫెయిర్ వాల్యూ నియమం. అంతర్జాతీయంగా దీన్ని ఐఎఫ్ఆర్ఎస్ 13 చెబుతుంది, మన దేశంలో ఇండ్ ఏఎస్ 113. ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి ఈ ప్రమాణాలు మూడు లెవల్స్ పెట్టాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలో రోజూ చేతులు మారే షేరుకు ఆ రోజు ధర ఉంటుంది, అది లెవల్ 1. అంతగా లావాదేవీలు జరగని బాండు ఉందనుకోండి, అలాంటి బాండ్లకు మార్కెట్లో ఉన్న వడ్డీ రేట్లను చూసి ధర కడతారు. పక్క ప్లాటు ఎంతకు పోయిందో కనుక్కుని మన ప్లాటు ధర చెప్పడం లాంటిదే. ఇది లెవల్ 2. ఇక చూడటానికి మార్కెట్ ధరే లేనప్పుడు కంపెనీ తన సొంత అంచనాలతో కట్టేది లెవల్ 3. లెక్కలో పది అంశాలు మార్కెట్ నుంచి తెచ్చుకున్నా, ఫలితాన్ని గణనీయంగా మార్చగల ఒక్క అంచనా సొంతదైతే చాలు, మొత్తం విలువ లెవల్ 3లోకే పోతుంది.

ఆ సొంత అంచనాలకు ఎంత పట్టు ఉంటుందో ఒక ఊహా కంపెనీతో చూద్దాం. లిస్టు కాని ఈ కంపెనీ వచ్చే ఏడాది 10 కోట్ల నగదు మిగులుస్తుందనుకుందాం. ఆ తర్వాత ఏటా 5 శాతం పెరుగుతుందని అంచనా. ఇంత రిస్కు ఉన్న వ్యాపారంలో పెట్టుబడిదారు 13 శాతం రాబడి ఆశిస్తాడని ఇంకో అంచనా. 13లోంచి 5 తీసేస్తే 8 శాతం. 10 కోట్లను ఆ 8 శాతంతో భాగిస్తే విలువ 125 కోట్లు.

ఇప్పుడు ఆశించే రాబడిని 12కి తగ్గించి, పెరుగుదలను 6కి పెంచండి. తేడా 6 శాతమే మిగిలింది, విలువ దాదాపు 167 కోట్లయింది. అటు 14, ఇటు 4 పెడితే 100 కోట్లు. వచ్చే ఏడాది మిగులు 10 కోట్లే, అందులో మార్పు లేదు. మారినవి రెండు అంచనాలు, అవీ ఒక్కో శాతమే. 12 శాతమా, 13 శాతమా అని ఆడిటర్ అడిగితే రెండింటికీ కారణాలు చూపించవచ్చు, ఏదీ అబద్ధం కాదు. ఆ పెట్టుబడిలో మార్పును లాభనష్టాల ఖాతాలో చూపే పద్ధతి ఉంటే, 125 నుంచి 167కి పెరిగిన 42 కోట్లు ఆ ఏడాది లాభంగా వచ్చి చేరుతాయి. చేతికి మాత్రం ఒక్క రూపాయీ రాదు.

బైజూస్ విషయంలో అంచనాలకు కావలసిన ముడిసరుకే కరువైంది. 2021-22 ఆర్థిక సంవత్సరం లెక్కలు సకాలంలో బయటికి రాలేదు. 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. ఆదాయమే తేలనప్పుడు పెరుగుదల శాతాన్ని ఏ పునాది మీద నిలబెడతారు? ఒక్క ఏడాది తిరిగేసరికి ప్రోసస్ తన వాటా విలువను సున్నాకు దించి, దాదాపు 49 కోట్ల డాలర్ల నష్టం చూపింది.

ఇలాంటి అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడానికి వార్షిక నివేదిక చివరి నోట్స్‌లోకి వెళ్లాలి. లెవల్ 3 ఆస్తులకు వాడిన ముఖ్యమైన అంచనాలేమిటో, వాటి అంకెలెంతో అక్కడ చెప్పి తీరాలి. సంవత్సరం మొదట్లో ఉన్న విలువ చివరికి ఎలా మారిందో, అందులో ఇంకా అమ్మకుండానే చూపిన లాభమెంతో కూడా ఇస్తారు. నేనైతే ముందు ఈ చివరిదాన్నే చూస్తాను.

అంచనా మారితే విలువ ఎంత మారుతుందో చెప్పే పట్టిక కూడా ఆ పక్కనే ఉంటుంది. దాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. సాధారణంగా అందులో ఒక్కో అంచనాను విడివిడిగా కదిలిస్తారు. మన ఊహా కంపెనీకే ఆ పట్టిక వేస్తే, రాబడి 12 అయితే 143 కోట్లు, పెరుగుదల 6 అయితే 143 కోట్లు అని ఉంటుంది. అంటే ఒక్కోదానికి 18 కోట్ల తేడా. రెండూ కలిసి కదిలితే వచ్చే 42 కోట్లు ఆ పట్టికలో ఎక్కడా కనిపించవు. నిజానికి మార్కెట్లో గాలి మారినప్పుడు రెండూ కలిసే కదులుతాయి. వ్యాపారం మందగిస్తే పెరుగుదల అంచనా తగ్గుతుంది, రిస్కు ఎక్కువైందని ఆశించే రాబడీ పెరుగుతుంది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష పాత నివేదికల్లో దొరుకుతుంది. కంపెనీ ఏదైనా లెవల్ 3 పెట్టుబడిని బయటివారికి అమ్మి ఉంటే, అమ్మకానికి ముందు పుస్తకాల్లో ఎంత చూపిందో, చివరికి ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రెండుసార్లు తక్కువ రావడం మామూలే. ప్రతిసారీ తక్కువే వస్తుంటే, ఇంకా అమ్మని వాటి విలువల్లోనూ అంత కోత వేసుకుని చదవడం మంచిది.