ఎర్ర పొరలో కనిపించిన అక్షరం

మా జేజినాయన డైరీలో తేదీలు తక్కువ, కార్తెలు ఎక్కువ. "మృగశిర. మబ్బు. వాన లేదు." "ఆరుద్ర. తుంపర. పదును కాలేదు." ఒక్కో రోజుకు రెండు మూడు మాటలే. ఏడాదంతా కలిపినా సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం జిల్లాలో, కల్యాణదుర్గం వైపు మెట్ట పొలాల్లో శెనక్కాయ వేసే రైతు తన కోసం రాసుకున్న పుస్తకం అది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. అందుకే ఆయనకు రోజులో రాయదగ్గ మొదటి సంగతి వానే.

ఆయన పోయాక ఆ పుస్తకం పెట్టెలో ఉండిపోయింది. కుట్టు ఊడింది, కాగితాలు వరస తప్పాయి, సిరా వెలిసిపోయింది. ఊళ్లో ఉన్న మా చిన్నాయన ఒక్కో కాగితాన్నీ ఫోనుతో ఫొటో తీసి పంపుతుంటే, డల్లాస్‌లో కూర్చుని నేను ఎత్తి రాస్తున్నాను. ఆదివారం పూట ఒక పేజీ పూర్తయితే ఆ వారానికి అదే గొప్ప.

ముందు ఫొటో కుదరాలి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది. వెలిసిన సిరాలో సన్నటి గీతలు మొదట మాయమయ్యేది అక్కడే. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే తీసినది తీసినట్టే వస్తుంది. ఫ్లాష్ వేస్తే కాగితం మెరిసి అక్షరం చచ్చిపోతుంది. ఎండలో పెడితే ఉన్న సిరా కూడా ఇంకాస్త వెలుస్తుంది. అందుకే చిన్నాయన పొద్దున్నే వరండా నీడలో కాగితం పరిచి, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుంటాడు. పక్కన ఒక చీటీ మీద వరస అంకె రాసి, అది కూడా ఫొటోలో పడేలా చూస్తాడు. ఆ అంకె లేకపోతే విడికాగితాల్లో ఏది ఎక్కడ దొరికిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. బాల్‌పెన్నుతో రాసిన పేజీలకు మాత్రం కిటికీ పక్కన, వెలుతురు ఏటవాలుగా పడేలా మరో ఫొటో కావాలి. సిరా పోయినా కాగితం మీద పెన్ను నొక్కిన గాడి నీడగా తేలుతుంది.

సిరా పేజీలకు వేరే దారి ఉంది. ప్రతి కలర్ ఫొటోలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. నీలి సిరా ఎర్రటి వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి ఎర్ర పొరలో నల్లగా కనిపిస్తుంది. పసుపెక్కిన కాగితం, చెమ్మ మరకలు అదే పొరలో తెల్లబడతాయి. ఉచితంగా దొరికే జింప్‌లో `Colors > Components > Decompose` నొక్కితే మూడు పొరలూ విడివిడిగా వస్తాయి. పూర్తిగా గోధుమరంగుకు తిరిగిన పాత బ్లూ‌బ్లాక్ సిరాకు ఈ కిటుకు అంతగా పనిచేయదు. అక్కడ నీలం పొరను చూడాలి. కానీ ఆ పొరలో మరకలు కూడా నల్లబడతాయి.

పంటా? వంటా?

నన్ను ఎక్కువకాలం నిలబెట్టిన కాగితం మీద పైన "అమావాస్య, శనివారం" అని ఉంది. కింద ఒక వాక్యంలో "ఈ పొద్దు" తర్వాత ఒక మసక అక్షరం, దాని వెంట "ంట లేదు".

ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "అది పంటే పాపా. ఆ కాలంలో పంట యాడుండాది?" అన్నాడు చిన్నాయన. నాకూ మొదట తోచింది అదే. అనంతపురం, కరువు, పంట లేదు. మూడూ చక్కగా అతికిపోతాయి. కానీ చేతిరాతలో "ప"కూ "వ"కూ తేడా తలకట్టు దగ్గరే. అది విడిగా ఉంటే ప, అతుక్కుంటే వ. సరిగ్గా ఆ చోటే సిరా లేదు.

అందుకని జేజినాయన రాసిన స్పష్టమైన ప, వ అక్షరాలను వేరే పేజీల నుంచి కత్తిరించి ఒక పట్టికగా పేర్చుకున్నాను. ఆయన "ప"లో తలకట్టు ఎప్పుడూ కాస్త పైకి ఎగిరి ఉంటుంది. "వ"ను పెన్ను ఎత్తకుండా రాస్తాడు. ఎర్ర పొరలో చూస్తే మసక అక్షరం మీద ఎగిరిన గీత ఆనవాలు లేదు. అయినా అది రుజువు కాదు. ఆ గీత కూడా వెలిసిపోయి ఉండవచ్చు.

రుజువు తేదీ వైపు నుంచి వచ్చింది. అదే పొరలో పేజీ అంచున "గ్ర" అని, కాస్త ఎడంగా "ణం" అని తేలింది. దాని పక్కన "మూడున్నర". గ్రహణం. అమావాస్య కాబట్టి సూర్యగ్రహణమే. 1980 ఫిబ్రవరి 16న హుబ్లీ, రాయచూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఆ రోజు శనివారం, మాఘ అమావాస్య. అనంతపురంలో సూర్యుడు పూర్తిగా మరుగు కాకపోయినా చాలా భాగం కమ్ముకుపోయాడు. మధ్యాహ్నం మూడున్నర దాటాక గ్రహణం బాగా పట్టింది. గ్రహణం రోజు పొయ్యి వెలిగించని ఇల్లు మాది. ఆ పొద్దు లేనిది వంట.

పుస్తకంలో మరో కొండగుర్తు ఈ లెక్కకు బలమిచ్చింది. పునర్వసు కార్తెలో ఒక బేస్తవారం నాడు "రాత్రి స్కైలాబ్ పడిందంట, సముద్రంలో" అని ఉంది. స్కైలాబ్ కూలింది మన వేళ ప్రకారం 1979 జులై 11, బుధవారం రాత్రి. మర్నాడు బేస్తవారం. రెండు పేజీలూ ఒకే సిద్ధార్థి నామ సంవత్సరంలో, ఒకే సిరాతో, ఒకే రకం గీతల కాగితం మీద ఉన్నాయి. ఈ రెండు మేకుల మధ్య మిగిలిన కార్తెలను వరసగా పేర్చుకోగలిగాను.

గీతలు కూడా అంకెలే

ఆ వరస కుదిరాక విత్తనం లెక్కలు అర్థమయ్యాయి. "మూటలు 2" తర్వాత నిలువుగా ఒక చిన్న గీత. ఇంకోచోట అడ్డంగా ఒక గీత. చూడగానే పూర్ణవిరామమో, పెన్ను జారిందో అనిపిస్తుంది. పాత తెలుగు లెక్కల్లో నిలువు గీత పావు, అడ్డ గీత వీసం, అంటే పదహారో వంతు. వీధిబడిలో చదివిన తరానికి ఇవి చేతికొచ్చిన అంకెలు. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టే టైపు చేయవచ్చు. ఫాంటులో లేకపోతే గడి మాత్రమే కనిపిస్తుంది. అందుకే పక్కన "పావు", "వీసం" అని మాటల్లోనూ రాస్తున్నాను.

ఎత్తి రాయడంలో నేను పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నే. ఆయన "పొద్దు గుంకినాక" అని రాస్తే అలాగే ఉంచుతాను, పుస్తక భాషలోకి దిద్దను. కనిపించని చోట చుక్కలు పెడతాను. అనుమానం ఉన్న మాట పక్కన ప్రశ్నార్థకం, దాని పక్కన ఫొటో అంకె. రేపు ఎవరైనా నాతో విభేదించాలంటే నేరుగా ఆ ఫొటో దగ్గరికి వెళ్లగలగాలి. "వంట" అని నిశ్చయంగా రాసిన చోట కూడా, ఎందుకు అనుకున్నానో కింద రెండు వాక్యాలు ఉంచాను.

కరువు ఈ డైరీలో లేదని కాదు. అది వేరే చోట ఉంది. స్కైలాబ్ పేజీ తర్వాత పుష్యమిలో "పదును కాలేదు", ఆశ్లేషలో "పదును కాలేదు", మఖలో మళ్లీ అదే మాట. విత్తనం మూటల పక్కన గీతలు ఒక్కో పేజీకీ తగ్గుతాయి. ఎక్కడా ఏడుపు లేదు, కరువు అన్న మాట కూడా లేదు. ఆ గ్రహణం పేజీలో "పంట లేదు" అని రాసుకుని ఉంటే, మా జిల్లా గురించి అందరికీ ముందే తెలిసిన కథనే ఆయన నోట పలికించేదాన్ని. ఆయన చెప్పింది అంతకంటే ఖచ్చితమైనది: ఏ కార్తెలో ఎంత తడి, ఎంత విత్తనం నేలకు పోయింది, ఎంత ఇంట్లో మిగిలింది. ఆ లెక్కను ఆయన వదిలిన చోటు నుంచి ఒక గీత కూడా తప్పకుండా అందుకోవడమే నా పని.