ఎంబసీకి ఉత్తరం: ‘హూ’ ఎక్కడ, ‘హూమ్’ ఎక్కడ?

కరీంనగర్, నిర్మల్ వైపు చాలా ఇళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు. అక్కడ జీతం ఆగితే ఇక్కడి అబ్బా, అమ్మీలు ఎంబసీకి ఇంగ్లీషులో అర్జీ పెట్టాల్సి వస్తుంది. ఆ అర్జీలో ‘హూ’ రాయాలా, ‘హూమ్’ రాయాలా అనే దగ్గర చాలామంది ఆగిపోతారు.

దమ్మామ్‌లో పనిచేసే కొడుకు గురించి ఒక తండ్రి రియాద్‌లోని భారత ఎంబసీకి రాస్తున్నాడనుకుందాం. మొదటి వాక్యం: “మై సన్, హూ వర్క్స్ ఇన్ దమ్మామ్...” పని చేసేది కొడుకే కాబట్టి ‘హూ’. రెండోది: “ది ఏజెంట్, హూమ్ వి పెయిడ్...” ఇక్కడ పైసలు ఇచ్చింది మనం, తీసుకున్నది ఏజెంట్. కాబట్టి ‘హూమ్’.

తెలుగులో ‘ఎవరు’ అయితే హూ, ‘ఎవరికి’ అయితే హూమ్ అని గుర్తుపెట్టుకుంటే చాలదా? చాలదు. ‘కొడుకుకు జీతం రాలేదు’ అంటాం. ఉర్దూలోనూ ‘జిస్కో తన్ఖా నహీ మిలీ’ అంటాం. రెండింట్లోనూ ‘కు’, ‘కో’ ఉన్నాయి కదా అని “మై సన్, హూమ్ హాజ్ నాట్ రిసీవ్డ్ హిజ్ శాలరీ” అని రాస్తే తప్పు. ఇంగ్లీషులో ‘రిసీవ్’ చేసుకునేవాడే కర్త. కాబట్టి ఇక్కడ ‘హూ’ రాయాలి.

అందుకే పరీక్ష ఇంగ్లీషులోనే చేయాలి. హూ తర్వాతి ముక్కను విడదీసి, అందులో ‘హి’ లేదా ‘హిమ్’ పెట్టి చదవండి. “హి హాజ్ నాట్ రిసీవ్డ్” సరిపోయింది, కాబట్టి హూ. “వి పెయిడ్ హిమ్” సరిపోయింది, కాబట్టి హూమ్. ‘హిమ్’ చివర ‘ఎమ్’ అక్షరం ఉంది, ‘హూమ్’ చివరా ఉంది. ఈ జత గుర్తుంటే చాలు. కాలేజీ, ఆఫీసు సర్టిఫికెట్ల పైన కనిపించే “టు హూమ్ ఇట్ మే కన్సర్న్” కూడా ఇంతే: “ఇట్ మే కన్సర్న్ హిమ్.”

బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా పొరబడే చోటు ఒకటుంది: “ది మేనేజర్, హూ వి థింక్ హాజ్ హిజ్ పాస్‌పోర్ట్...” పక్కనే ‘వి’ కనబడగానే హూమ్ అని రాసేస్తారు. ‘వి థింక్’ మీద వేలు పెట్టి మూసేసి మిగిలింది చదవండి. “హి హాజ్ హిజ్ పాస్‌పోర్ట్” అని వస్తుంది. కాబట్టి హూ.

మాటల్లో ఇంగ్లీషువాళ్లు కూడా హూమ్ చోట హూ వాడేస్తారు, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ హూ ఉండాల్సిన చోట హూమ్ పెడితే మాత్రం చదివేవాళ్లకు అడ్డు తగులుతుంది. ‘హూమ్’ అంటే గొప్ప ఇంగ్లీషు అనుకుని ప్రతిచోటా పెట్టొద్దు. సంతకం చేసేముందు ఉత్తరంలో ఉన్న ప్రతి ‘హూమ్’ దగ్గర ఆగి, ‘హిమ్’ కుదురుతుందో లేదో చూడండి. కుదరకపోతే చివరి ‘ఎమ్’ కొట్టేయండి.