పరావలయానికి కలిసొచ్చిన మూడో ఘాతం

వంకర గీత కింద వైశాల్యం కావాలి, కానీ సూత్రంతో సమాకలనం చేయడం కుదరడం లేదు. అప్పుడు గీత మీద సమాన దూరాల్లో మూడు బిందువులు తీసుకుని, వాటి గుండా ఒక పరావలయం గీసి, దాని కింది వైశాల్యాన్నే జవాబుగా తీసుకోవచ్చు. బిందువుల మధ్య దూరం h అయితే ఆ వైశాల్యం ఇది:

h/3 × (మొదటి ఎత్తు + 4 × నడిమి ఎత్తు + చివరి ఎత్తు)

దీన్ని ఇంగ్లండ్ గణితవేత్త థామస్ సింప్సన్ (1710–1761) పేరుతో పిలుస్తారు. అయితే అంతకు చాలా ముందే, 1615లో, ద్రాక్షసారా పీపాల కొలతపై రాసిన పుస్తకంలో కెప్లర్ ఈ పద్ధతిని వాడాడు.

పరావలయం రెండో ఘాతపు గీత. కాబట్టి నియమం రెండో ఘాతం వరకే కచ్చితంగా ఉండాలి. కానీ మూడో ఘాతపు బహుపదికీ ఇది పిసరంత తేడా లేని జవాబిస్తుంది. కారణం సౌష్ఠవం. నడిమి బిందువును సున్నా అనుకుంటే, మిగతా రెండూ -h, h దగ్గర ఉంటాయి. మూడో ఘాతపు గీత, పరావలయం ఈ మూడు చోట్లా కలుస్తాయి కాబట్టి వాటి తేడా c(x+h)x(x-h) రూపంలోనే ఉండాలి. ఈ తేడా ఒక సగంలో పరావలయానికి ఎంత పైన ఉంటే, రెండో సగంలో అంతే కింద ఉంటుంది. రెండూ కలిపితే సున్నా.

నాలుగో ఘాతానికి ఈ అదృష్టం లేదు. x⁴ సున్నాకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, కాబట్టి రద్దయ్యేది ఏమీ లేదు. అసలు వైశాల్యం 2h⁵/5 అయితే నియమం 2h⁵/3 అంటుంది. అందుకే దోషం ప్రమేయపు నాలుగో అవకలజం మీద ఆధారపడుతుంది. ఒక్కో పరావలయం దగ్గర అది h⁵కు అనుపాతంలో ఉంటుంది. h తగ్గేకొద్దీ పరావలయాల సంఖ్య పెరుగుతుంది కాబట్టి మొత్తం దోషం h⁴ను అనుసరిస్తుంది. అంటే h సగమైతే దోషం సుమారు పదహారో వంతుకు దిగాలి.

జవాబు ముందే తెలిసిన లెక్కతో దీన్ని సరిచూద్దాం. 1 నుంచి 2 వరకు 1/x వైశాల్యం 0.693147. రెండు భాగాలతో నియమం 0.694444 ఇస్తుంది, దోషం 0.001297. నాలుగు భాగాలతో 0.693254, దోషం 0.000107. అంటే దోషం 12 రెట్లు తగ్గింది. ఎనిమిది భాగాలకు వెళ్తే మరో 14.5 రెట్లు తగ్గి, 16 వైపు సాగుతుంది.

ఈ లెక్క అన్నిచోట్లా నిలవదు. 0 నుంచి 1 వరకు √x తీసుకుంటే దోషం 0.0286 నుంచి 0.0101కు, అంటే 2.8 రెట్లే తగ్గుతుంది. సున్నా దగ్గర √x నిట్టనిలువుగా లేస్తుంది, అక్కడ దాని అవకలజాలకు హద్దు లేదు. అసలు జవాబు తెలియనప్పుడు h, h/2, h/4లతో మూడుసార్లు లెక్కించి, వరుస జవాబుల మధ్య తేడాలు చూడాలి. రెండో తేడా మొదటిదానిలో పదహారో వంతుకు దగ్గరగా లేకపోతే h ఇంకా పెద్దదై ఉండాలి, లేదా గీతలో ఎక్కడో మొనో, నిట్టనిలువు చోటో ఉండాలి. అలాంటి చోట విరామాన్ని విడగొట్టడమో, చలరాశిని మార్చడమో చేయాలి. √xలో x = t² అని మారిస్తే సమాకలించాల్సింది 2t² అవుతుంది. ఒకే పరావలయంతో కచ్చితమైన జవాబు, 2/3, వచ్చేస్తుంది.