గడప ముందు గోదావరి అర్జీలో ఏమైంది?

మా వీధిలో మంచినీళ్ల పైపు పగిలిన తొమ్మిదో రోజున ఎదురింటి టీచరమ్మగారు వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. బడిలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ రాసింది ఇది:

"మన మున్సిపాలిటీవాళ్లది ఎంత జాలిగుండె అండీ! పైపు పగిలి తొమ్మిది రోజులైనా దాన్ని ముట్టుకుని నొప్పించలేదు. ఇంట్లో కుళాయికి చుక్క లేదుగానీ గడప ముందు గోదావరి. ఏఈ గారికి వందసార్లు ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారట, పాపం. వారు ఎప్పుడు విచ్చేస్తారో చెబితే పూర్ణకుంభంతో ఎదురొస్తాం."

కింద మూడు దండం బొమ్మలు. గ్రూపంతా నవ్వింది. కాసేపటికి ఎవరో "భాష కాస్త మార్చి దీన్నే కమిషనర్ గారికి అర్జీగా ఇద్దాం" అన్నారు. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు ఆ పని తీసుకుని సాయంత్రానికల్లా రాసుకొచ్చాడు. శ్రద్ధగా రాశాడు:

"పురపాలక సిబ్బంది చూపుతున్న కరుణ ప్రశంసనీయం. పైపు పగిలి తొమ్మిది రోజులు గడిచినప్పటికీ దానికి ఎటువంటి నష్టం కలిగించలేదు. ఏఈ గారికి వంద పర్యాయములు ఫోన్ చేయగా, వారు సమావేశంలో ఉన్నట్లు తెలిసినది. వారి రాక తేదీని తెలియజేసినచో పూర్ణకుంభంతో స్వాగతం పలుకగలము."

ఇది చదివితే అధికారులకు సన్మానం చేస్తామని రాసిన కాగితంలా ఉంది. మాటలన్నీ టీచరమ్మగారివే, అయినా అర్థం తిరగబడింది. ఎందుకు తిరగబడిందో తెలిస్తే, ఏ రాతనైనా ఒక ధోరణి నుంచి మరో ధోరణికి మార్చేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

మన తెలుగులో ఎత్తిపొడుపు చాలావరకు మర్యాద మాటలతోనే నడుస్తుంది. ఆలస్యంగా లేచిన కొడుకును తల్లి "దొరగారు నిద్ర లేచారా" అంటుంది. రోజూ "ఒరేయ్" అని పిలిచే నోటితో "గారు" అనడంలోనే ఆ దెబ్బంతా ఉంది. మామూలు మాటల మధ్య ఉన్నట్టుండి ఒక పెద్ద మాట వచ్చి పడుతుంది. ఆ ఎత్తుపల్లం చూసి వినేవాళ్లు విషయం గ్రహిస్తారు. టీచరమ్మగారి మెసేజ్‌లో "చుక్క లేదుగానీ" లాంటి ఇంటి మాటల పక్కన "విచ్చేస్తారో", "పూర్ణకుంభం" ఉన్నాయి కాబట్టే అవి గుచ్చుకున్నాయి. కుర్రాడు మొత్తం రాతనే "విచ్చేయు" స్థాయికి ఎత్తేశాడు. చుట్టూ నేలంతా అదే ఎత్తుకు వచ్చాక గుట్ట ఎక్కడుందో కనబడదు. "గారు" నిజంగానే గౌరవమైపోయింది.

"దయచేయండి" అన్న మాటనే చూడండి. గుమ్మంలో అంటే లోపలికి రమ్మని అర్థం. మాటా మాటా పెరిగాక "ఇక దయచేయండి" అంటే బయటికి నడవమని. ఏ అర్థంలో వాడారో ముందువెనకల మాటలను బట్టి, గొంతును బట్టి తెలుస్తుంది. ధోరణి మార్చేవాళ్లు మొదట తీసేసేది ఆ ముందువెనకల మాటలనే, ఎందుకంటే అవి కబుర్లలా కనిపిస్తాయి.

అంతకంటే చిన్నది, అంతకంటే ప్రమాదమైనది "ట". "మీటింగులో ఉన్నారట" అన్నప్పుడు ఆ ఒక్క అక్షరం రెండు పనులు చేస్తోంది. ఈ మాట నాది కాదు, ఎవరో చెప్పింది అని ఒకటి. నేను నమ్మడం లేదు అని రెండోది. పక్కన "పాపం" చేరేసరికి ఆ అపనమ్మకం ఇంకా గట్టిపడింది. "ఉన్నట్లు తెలిసినది" అని మార్చగానే అపనమ్మకం పోయి, అది మేమే ధ్రువీకరించిన సమాచారంలా తయారైంది. రేపు ఏఈ గారు ఆ కాగితం చూపించి "నేను మీటింగులో ఉన్న సంగతి వాళ్లే రాశారు కదా" అంటే మేము కాదనలేం. లే, లెండి, కాబోలు, మరి, పాపం వంటి చిన్న మాటలను అర్జీ భాష మింగేస్తుంది. వెటకారానికి ఆనవాళ్లు చాలావరకు వాటిలోనే ఉంటాయి. దండం బొమ్మలు ఎలాగూ కాగితం మీదికి రావు.

ఇక "వందసార్లు". కబుర్లలో దాన్ని ఎవరూ లెక్కపెట్టరు, చాలాసార్లు అన్న అర్థమే తీసుకుంటారు. అర్జీలో రాస్తే అది అంకె. ఫోన్ చూపించమంటే చూపించాలి. నేను టీచరమ్మగారి దగ్గర కూర్చుని కాల్ జాబితా తెరిపించి చూస్తే, నాలుగు రోజుల్లో ఆరు కాల్స్ కనిపించాయి. అందులో ఒకటే ఎత్తారు. ఆ ఎత్తినది కూడా ఏఈ గారు కాదు, ఆఫీసులో ఇంకెవరో. హాస్యంలోని అతిశయోక్తి ధోరణి మారగానే అబద్ధమైపోతుంది. రాసినావిడకు అబద్ధం చెప్పే ఉద్దేశం రవ్వంత కూడా లేదు.

కుర్రాడి కాగితం పనికిరాదని తేలాక ఇంకో ఇద్దరు ప్రయత్నించారు. ఒకాయన వెటకారం కనిపించిన ప్రతి వాక్యాన్నీ కొట్టేశారు. మిగిలింది "మా వీధిలో నీటి సమస్య ఉన్నది, దయచేసి పరిష్కరించగలరు" అన్న ఒక్క ముక్క. తొమ్మిది రోజులు పోయాయి. నీళ్లు వీధిలో పారుతూ ఇళ్లకు మాత్రం రావడం లేదన్న అసలు సంగతి పోయింది, అది గోదావరితో పాటు కొట్టుకుపోయింది. ఫోన్ కాల్స్ కూడా పోయాయి. జోకు తీసేస్తున్నామనుకుని జోకు కింద ఉన్న వాస్తవాన్ని కూడా తీసేయడం నాకు అన్నిచోట్లా కనిపించే పొరపాటు.

రెండో ఆయనకు వెటకారంలోని కోపం సరిగ్గానే అర్థమైంది. దాన్ని నేరుగా రాయబోయి "సిబ్బంది లంచాలకు అలవాటుపడి" అని మొదలుపెట్టారు. టీచరమ్మగారు లంచం మాట ఎక్కడా అనలేదు. వెటకారం ఎప్పుడూ సగం చెప్పి సగం వదిలేస్తుంది. ఆ వదిలేసిన సగాన్ని మార్చేవాళ్లు తమ కోపంతో నింపితే, రాసినవాళ్లు మోపని నింద వాళ్ల సంతకం కింద చేరుతుంది.

మేము చివరికి చేసిన పని ఇది. మెసేజ్‌లోని ఒక్కో చమత్కారం ముందు ఆగి "దీని కింద ఉన్న మామూలు మాట ఏమిటి?" అని ఆవిడనే అడిగాను. జాలిగుండె అంటే తొమ్మిది రోజులుగా ఎవరూ మరమ్మతుకు రాలేదని. గోదావరి అంటే నీళ్లు వృథాగా పోతున్నాయి, కుళాయిలకు రావడం లేదని. మీటింగు అంటే అడిగిన ప్రతిసారీ సమాధానం దొరకలేదని. పూర్ణకుంభం అంటే ఎప్పుడు వస్తారో తేదీ చెప్పమని. ఆ నాలుగు సంగతులు కాగితం మీద పెట్టుకున్నాక వాటిని మర్యాదగల భాషలో రాయడం పది నిమిషాల పని:

"మా వీధిలో తాగునీటి పైపు పగిలి నేటికి తొమ్మిది రోజులు. ఇంతవరకు మరమ్మతు జరగలేదు. నీరు వీధిలో వృథాగా పారుతోంది, ఇళ్లలోని కుళాయిలకు రావడం లేదు. ఏఈ గారికి నాలుగు రోజుల్లో ఆరుసార్లు ఫోన్ చేశాం. ఒక్కసారి మాత్రమే సమాధానం వచ్చింది, వారు మీటింగులో ఉన్నారని ఆఫీసువారు చెప్పారు. మరమ్మతు ఏ తేదీన చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం."

"ఆఫీసువారు చెప్పారు" అన్న చోట చూడండి. "ట" మోసిన మొదటి పని, ఈ మాట మాది కాదు అన్నది, అక్కడ భద్రంగా ఉంది. అపనమ్మకాన్ని వదిలేశాం. ఆరు అన్న అంకె దాని పని అది చేస్తుంది.

తన వెటకారం ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుందని రాసినవాళ్లకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు చదువుకునేది తమ గొంతుతో. 2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరికొందరితో కలిసి దీన్ని పరీక్షించారు. ఈమెయిల్‌లో తాము రాసినవి ఎత్తిపొడుపో కాదో చదివేవాళ్లు నూటికి సుమారు 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి పోల్చుకున్నది 56 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. అందుకే ధోరణి మార్చిన రాతను ఆ సంగతి తెలియని మనిషి చేత చదివించి "దీన్ని రాసినవాళ్లు సంతోషంగా ఉన్నారా, కోపంగా ఉన్నారా?" అని అడగడం మంచి పరీక్ష. కుర్రాడి అర్జీని మా చెల్లెలికి ఫోన్‌లో చదివి వినిపిస్తే "పైపు బాగుచేసేశారా అన్నయ్యా?" అంది.

వెటకారాన్ని గంభీర ధోరణిలో పూర్తిగా ముంచేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో డేనియల్ డిఫో అనుభవించాడు. చర్చి నుంచి వేరుపడినవాళ్లను కఠినంగా అణచివేయాలనే ఛాందసుల గొంతును అనుకరిస్తూ 1702లో ఒక కరపత్రం పేరు లేకుండా రాశాడు. అనుకరణ ఎంత అతికినట్టు కుదిరిందంటే చాలామంది నిజమనే నమ్మారు. సంగతి బయటపడ్డాక ప్రభుత్వం అతన్ని 1703లో మూడు రోజులు నడివీధిలో మెడా చేతులూ కొయ్యలో బిగించి నిలబెట్టింది. ఎత్తుపల్లం ఎక్కడో ఒకచోట కనబడనివ్వకపోతే వ్యంగ్యం తాను ఎగతాళి చేస్తున్నదానిలోనే కలిసిపోతుంది.

అయితే హాస్యాన్ని ఎప్పుడూ విప్పి చదును చేయాల్సిందేనా? కాదు. జోకు తీసేసినా చెప్పవలసినది మిగిలితే తీయవచ్చు, అర్జీలో మేము చేసింది అదే. తీసేస్తే చెప్పవలసినదే మిగలకపోతే దాన్ని ముట్టుకోకూడదు. కన్యాశుల్కంలో గిరీశం తెలుగులో ఇంగ్లీషు కలిపి దంచుతాడు. ఆ ఇంగ్లీషును తీసి చక్కటి తెలుగులో పెడితే కథ నడుస్తుంది, గిరీశం మాత్రం ఉండడు. అరకొర చదువుతో ఊరిని బోల్తా కొట్టించే మనిషి ఆ కలగలుపు మాటలోనే ఉన్నాడు. పిల్లల కోసం ఆ నాటకాన్ని తేలిక భాషలోకి మార్చేవాళ్లు చుట్టూ ఉన్న కఠిన పదాలను మార్చుకోవచ్చు. గిరీశం నోటి మాటలను మాత్రం అలాగే ఉంచి, అవసరమైతే పక్క పాత్ర చేత అర్థం చెప్పించాలి.

ఇంకొకరి మాటను వాళ్ల మాటగా ఉటంకించేటప్పుడూ అంతే. ఒక సాక్షి "వాడు చాలా గొప్పోడు లెండి" అన్నాడనుకుందాం. దాన్ని "అతడు గొప్ప వ్యక్తి అని సాక్షి తెలిపాడు" అని రాస్తే సాక్ష్యమే మారిపోయింది. అన్న మాటను అన్నట్టే రాయాలి.

సంతాప వ్యాసాల్లో హాస్యాన్ని కొట్టేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పోయినాయన రోజూ పెరుగు లేకుండా ముద్ద దిగదని పొరుగింటికి గిన్నె పట్టుకుని వెళ్లేవాడని కొడుకు రాస్తే, ఎడిటరు దాన్ని "నిరాడంబర జీవి" అని మారుస్తాడు. గిన్నె పట్టుకున్న ఆ మనిషి రెండోసారి పోతాడు. అక్కడి నవ్వులో ఎవరినీ పొడవడం లేదు, అది ప్రేమ. ధోరణి గంభీరంగా ఉండాలంటే చుట్టూ వాక్యాలను నెమ్మది చేసుకుంటే సరిపోతుంది.

అర్జీ ఇచ్చిన సాయంత్రం టీచరమ్మగారు దాని నకలు చదివి "అంతా బాగుంది నాయనా, నా గోదావరి ఏదీ?" అన్నారు. అది అర్జీలో ఇమడదని చెప్పాను. దినపత్రికలో పాఠకుల లేఖల కోసం ఇంకొకటి రాద్దామన్నాను. అది చదివేవాళ్లు పొరుగువాళ్లు, వాళ్లు నవ్వితేనే కాగితం చేతులు మారుతుంది. ఆ లేఖలో జాలిగుండెను తీసేశాం, ఎందుకంటే పైపు కథ తెలియనివాళ్లకు అది పొగడ్తలాగే కనబడవచ్చు. వందసార్లు అన్నది ఆరుసార్లయింది. "మీటింగులో ఉన్నారట" అన్నది "ట"తో సహా ఉండిపోయింది. గడప ముందు గోదావరిని మొదటి వాక్యంలోనే పెట్టాం.